గుడి కట్టి, కొమ్ము తీసి: గుణింతపు పొడుపు కథలు

ఈ పొడుపు కథలన్నిటికీ నియమం ఒక్కటే. ప్రతి కథలోనూ రెండు గాని, అంతకంటే ఎక్కువ గాని మాటలు దాగి ఉంటాయి. వాటిలో హల్లులు మారవు, హల్లుల వరుసా మారదు, ఒకే ఒక్క అక్షరం మీది గుణింతపు గుర్తు మాత్రం మారుతుంది. తలకట్టును కూడా ఒక గుర్తుగానే లెక్కించాలి కాబట్టి, కొమ్ము పోయి తలకట్టు మిగిలినా, తలకట్టు ఉన్న చోట గుడి వచ్చినా అది ఒక మార్పే అవుతుంది. సున్నను, వత్తులను ముట్టుకోకూడదు. హ్రస్వానికీ దీర్ఘానికీ ఉన్న తేడాను తేడాగానే చూడాలి. నెల వేరు, నేల వేరు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. మన గుర్తులకు గుడి, కొమ్ము వంటి పేర్లు ఉండటం పొడుపు కథ అల్లేవారికి దొరికిన వరం, విప్పేవారికి పన్నిన వల. కథలో కొమ్ము అన్న మాట వినబడినప్పుడు అది పశువు తల మీదిదో, అక్షరం పక్కనున్నదో తేల్చుకున్న తరువాతే ముందుకు సాగండి.

1. కొమ్ము ఉన్నంతకాలం గోడలో దిగి కదలకుండా ఉంటాను. కొమ్ము ఊడిన మరుక్షణం రెండు కొమ్ములతో మేతకు బయలుదేరతాను.

2. దారికి అడ్డంగా పడి ఉన్న నన్ను పదిమంది పట్టినా కదిలించలేకపోయారు. చివర గుడి కట్టి ఎద్దులను పూన్చేసరికి ఊరు దాటి వెళ్ళిపోయాను.

3. తలకు కొమ్ము మొలిచింది. అప్పటినుంచి అది ఆలోచించడం మానేసి, ఏది బరువో ఏది తేలికో మాత్రమే చెబుతోంది.

4. నేను కుడతాను. ఏత్వం తీసి ఓత్వం పెడితే నన్నే కుడతారు. ఆ ఓత్వం కూడా తీసి దీర్ఘం పెడితే, తూర్పార పట్టేటప్పుడు గాలికి ఎగిరిపోతాను.

5. రెండు కొమ్ములున్నాయి గాని తల మీద ఒక్క వెంట్రుక లేదు. చివరి కొమ్ము పోయి ఎత్వం వస్తే, మీరు నిద్రపోతున్నా కొట్టుకుంటూనే ఉంటాను.

6. సింహాసనం మీద కూర్చున్నంతసేపు అందరూ నా ఆజ్ఞకు లోబడినవారే. మొదటి అక్షరంలో దీర్ఘం దిగి ఓత్వం ఎక్కితే ఇరవై నాలుగు గంటల్లో నా ఆయుష్షు తీరిపోతుంది. అలా కాక, మొదటి అక్షరాన్ని ఉన్నట్టే ఉంచి, చివరి కొమ్మును వదులుకుని గుడిదీర్ఘం తెచ్చుకుంటే, కత్తిని ఒరలో పెట్టి ఒప్పందానికి వస్తాను.

7. పగలూ రాత్రీ ఒకేచోట పడి ఉండే నేను, ఏత్వం పెట్టుకున్నానంటే పగటిపూట ఎక్కడా కనిపించను.

8. నలుగురం అన్నదమ్ములం, చివరి అక్షరం నలుగురికీ ఒక్కటే, మొదటి హల్లూ ఒక్కటే. ఒకడు దాహం తీరుస్తాడు, ఒకడు ఆ దాహం తీర్చేవాణ్ణి లోపలికి పంపుతాడు, ఒకడు మడి నుంచి మడికి మారితేనే పంటవుతాడు, చివరివాడు పది పదుల పెట్టు.

9. పెదవి దాటితే తిరిగి రాను. కొమ్ముదీర్ఘం తగిలిస్తే నెత్తికెత్తుకుని మోస్తారు. గుడిదీర్ఘం తగిలిస్తే వేలితో నొక్కి దీపం వెలిగిస్తారు. ఓత్వం తగిలిస్తే ఎద్దుల సాయంతో బావిలోని నీటిని పైకి తెస్తాను. ఏత్వం తగిలిస్తే, వరద తీసిన పొలంలో ఇసుకనై మిగిలిపోతాను.

ఇక్కడినుంచి గొలుసులు. మొదటి మాటనూ చివరి మాటనూ మేమే ఇస్తున్నాం, నడుమనున్నవి మీరు పూరించాలి. అడుగుకు ఒక గుర్తు మాత్రమే మారాలి, ప్రతి అడుగులోనూ అర్థమున్న మాటే నిలవాలి.

10. కోడెను కాడికి కట్టండి. నడుమ తెల్లవారుజామున లేపేది ఒకటి అడ్డం వస్తుంది.

11. గోడను గూడుగా మార్చండి. నడుమ ఒకరు తమ కష్టం చెప్పుకుంటారు, ఓపికగా వినాలి.

12. పుల్లను పల్లెకు చేర్చండి. దారిలో మొదట ఒక చిన్నారి, తరువాత పాలకుండ చుట్టూ తిరిగేది, ఆ పైన వేయించుకుని తినే గింజ ఎదురవుతాయి.

విడుపులు

మొదటిదానికి మేకు, మేక. చదువులో కొమ్మున్నది మేకుకు, లోకంలో కొమ్మున్నది మేకకు. ఈ తలకిందుల వల్లనే ఇది ఈ పుటలో మొదటి స్థానం సంపాదించుకుంది. రెండవది బండ, బండి. మూడవది తల, తుల. తుల అంటే త్రాసు. ఇక్కడ మొదటి మాటను కథలోనే బయటపెట్టినా చాలామంది తడబడతారు, ఎందుకంటే కొమ్మును చివరి అక్షరానికి తగిలించి చూసి ఊరుకుంటారు.

నాలుగవదానిలో తేలు, తోలు, తాలు ఉన్నాయి. కుట్టడం అన్న క్రియ కాటుకూ సూది పనికీ ఉమ్మడిగా ఉండటం వల్ల కథ తనంతట తానే అల్లుకుపోయింది. అయిదవది గుండు, గుండె. ఆరవదానిలో రాజు, రోజు, రాజీ. ఈ మూడింటిలో రాజు నుంచి మాత్రమే రెండు వైపులా దారి ఉంది, రోజు నుంచి రాజీకి నేరుగా వెళ్ళాలంటే రెండు గుర్తులు మార్చవలసి వస్తుంది. ఏడవది రాయి, రేయి.

ఎనిమిదవది నీరు, నోరు, నారు, నూరు. తెలుగులో రెండక్షరాల మాటలు ఇంత పెద్ద కుటుంబాలుగా ఏర్పడటానికి కారణం లేకపోలేదు. అచ్చమైన తెలుగు మాటలు సాధారణంగా అచ్చుతో ముగుస్తాయి, వాటిలో ఉకారం చాలా తరచుగా కనిపిస్తుంది. చివర స్థిరంగా ఉండగా మొదటి అక్షరంలో దీర్ఘాచ్చులు ఒకదాని తరువాత ఒకటి వచ్చి చేరుతుంటే, ప్రతిసారీ కొత్త మాట పుట్టే అవకాశం ఎక్కువ. తొమ్మిదవ కథలోని మాట, మూట, మీట, మోట, మేట దీనికి ఇంకా మంచి ఉదాహరణ, ఎందుకంటే అక్కడ దీర్ఘాచ్చులు అయిదూ నిండాయి. మోట వాడకం తగ్గిపోయినందువల్ల చిన్నవారు అక్కడ ఆగిపోవచ్చు. వారికి పెద్దవారిని అడిగే అనుమతి ఉంది. ఇలా ఒక మాత్ర జారినందువల్ల అర్థం మారేలా చేసే చమత్కారాన్ని అలంకారికులు మాత్రాచ్యుతకం అన్నారు గాని, ఇక్కడి ఆటలో జారడమే కాదు, ఒకటి పోయి మరొకటి రావడమూ ఉంది.

వేలు, వీలు, వాలు అన్న మూడింటిని కావాలనే వదిలేశాం. వేలు అంటే చేతి వేలూ కావచ్చు, వెయ్యికి బహువచనమూ కావచ్చు. ఒకే మాటకు రెండు సూచనలు పొసగితే పొడుపు బిగువు సడలుతుంది.

పదవదానికి దారి కోడె, కోడి, కాడి. పదకొండవదానికి మేము కోరిన దారి గోడ, గోడు, గూడు. నీళ్లు తోడే గూడ తెలిసినవారు గోడ, గూడ, గూడు అని కూడా చేరుకుంటారు. ఆ దారిలో తప్పేమీ లేదు, కాని కష్టం చెప్పుకునేవారు అందులో కనబడరు కాబట్టి సూచనకు అది కుదరదు. పన్నెండవది పుల్ల, పిల్ల, పిల్లి, పల్లి, పల్లె.

పదమూడవది విడుపు లేకుండానే ఇస్తున్నాం. సూది బెజ్జంలోంచి సులువుగా సాగిపోతాను. మొదటి అక్షరంలో దీర్ఘం కొమ్ముదీర్ఘమైతే, నడిచేవాడికి కాళ్లు నొప్పి పుట్టేదాకా సాగుతాను.