షాపు ఫోన్ మోగితే ఇలా మాట్లాడాలి

ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, ఏసీ రిపేర్లు, సత్యనారాయణపురం, విజయవాడ
(కౌంటర్‌లో ఎవరు కూర్చున్నా ఈ కాగితం, బుకింగ్ పుస్తకం, పెన్ను ఫోన్ పక్కనే ఉండాలి)

మనకు ఫోన్ చేసేవాళ్లు బట్టలు నీళ్లలో ఉండిపోయో, ఫ్రిజ్‌లో పాలు విరిగిపోయో చేస్తారు. మన తర్వాత ఇంకో రెండు షాపులకూ చేస్తారు. ఫలానా రోజు, ఫలానా టైముకి మనిషి వస్తాడని ఎవరు ముందు గట్టిగా చెప్తే పని వాళ్లదే. అందుకని ఏ రోజు, ఏ టైము అన్నది పుస్తకంలో రాయకుండా ఫోన్ పెట్టొద్దు.

ఎత్తగానే

బెంచి మీద పని చప్పుడుగా ఉంటే ఆపించి, మూడో రింగ్ లోపు ఎత్తండి.

"నమస్కారమండీ, సత్యనారాయణపురం ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ రిపేర్ షాపండీ. చెప్పండి, ఏమైంది?"

వాళ్లు చెప్పేది పూర్తిగా విన్నాక:

"సరేనండీ, చూద్దాం. లైన్ కట్టయితే నేనే చేస్తాను, ఇదే నంబరుకి చేయొచ్చా? మీ ఇల్లు ఎక్కడండీ?"

సత్యనారాయణపురం, ముత్యాలంపాడు, గాంధీనగర్, సింగ్‌నగర్, గుణదల అయితే మధ్యాహ్నం 12 లోపు చేసినవాళ్లకి ఆ రోజే. పటమట, భవానీపురం మర్నాడు. కృష్ణ దాటి తాడేపల్లి వైపు మంగళ, శుక్రవారాలే. ఆ రోజు కుదరదంటే మొహమాటపడి ఒప్పుకోవద్దు.

అడగాల్సినవి

"కంపెనీ ఏదండీ? కొని ఎన్నేళ్లయింది?" కంపెనీ వారంటీ ఇంకా ఉంటే మనం వెళ్లం. "మేం విప్పితే మీ వారంటీ పోవచ్చండీ, కంపెనీ నంబరుకి చేయండి, ఉచితంగా చేస్తారు" అని చెప్పండి. ఆ వారంటీ అయ్యాక వాళ్లకి మనమే గుర్తొస్తాం.

వాషింగ్ మెషిన్: "నీళ్లు లోపలికి రావడం లేదా, బయటకి పోవడం లేదా, తిరగడం లేదా? డిస్‌ప్లే మీద అక్షరాలు ఏమైనా కనబడుతున్నాయా?" ఎల్‌జీలో OE అంటే నీళ్లు బయటకి పోవడం లేదని, IE అంటే నీళ్లు రావడం లేదని. వాళ్లు చదివింది చదివినట్టు రాసుకోండి. IE అంటే ముందు "కుళాయి పూర్తిగా తిప్పి ఉందా, ట్యాంకులో నీళ్లున్నాయా, ఒకసారి చూస్తారా? నేను లైన్లోనే ఉంటాను" అనండి. అక్కడికక్కడే సరిపోతే మంచిదే. విజిట్ చార్జీ కోసం మనిషిని పంపొద్దు.

ఫ్రిజ్: "లోపల లైటు వెలుగుతోందా? పైన ఐస్ కడుతూ కింద చల్లదనం లేదా, అసలు ఎక్కడా లేదా? స్టెబిలైజర్ లైటు వెలుగుతోందా?" పైన చల్లగా ఉండి కింద లేదంటే చాలాసార్లు గ్యాస్ సంగతి కాదు. ఫ్యానో, డీఫ్రాస్ట్ హీటరో, సెన్సరో అయ్యుంటుంది. ఇది పుస్తకంలో రాస్తే మెకానిక్ ఆ పార్టులు బండిలో వేసుకెళ్తాడు.

సింగ్‌నగర్ వైపు నుంచి చేస్తే ఇదొకటి అదనంగా: "2024 బుడమేరు వరదలో ఈ మెషిన్ మునిగిందా అండీ?" మునిగి ఎండబెట్టి వాడుతున్నవాటిలో బోర్డు, వైర్ల కొసలు తుప్పు పట్టి ఉండొచ్చు. దానికి పెద్ద మెకానిక్కే వెళ్లాలి.

కాలిన వాసన, షాక్ అంటే మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి: "ముందు మెషిన్ ముట్టుకోకుండా మెయిన్ ఆపేయండమ్మా. మా మనిషి వచ్చేదాకా ఆన్ చేయొద్దు." ఆ కాల్ లిస్టులో అన్నిటికంటే ముందు.

"ఎంతవుతుంది?"

దాదాపు ప్రతివాళ్లూ అడుగుతారు, బుకింగులు ఎక్కువగా పోయేది కూడా ఇక్కడే. "చూస్తే గానీ చెప్పలేం" అని ఊరుకుంటే దాస్తున్నామనుకుంటారు. ఏదో ఒక అంకె చెప్పేసి ఇంటికెళ్లాక పెంచితే మోసం చేశామంటారు, అందులో తప్పులేదు. మనకు కచ్చితంగా తెలిసింది చెప్పాలి:

"వచ్చి చూసినందుకు 300 రూపాయలండీ. రిపేరు చేయించుకుంటే ఆ 300 బిల్లులో తగ్గించేస్తాం. చూశాక పార్టు ఎంత, మజూరీ ఎంత అని విడివిడిగా కాగితం మీద రాసిస్తాడు. మీరు సరేనన్నాకే పని మొదలుపెడతాడు. మార్చిన పాత పార్టు మీ చేతికే ఇస్తాడు. మేం వేసిన పార్టుకి 90 రోజులు మాది పూచీ."

ఇంకా పట్టుబడితే: "పంపులో చిల్లర ఇరుక్కుని ఆగితే తీసి శుభ్రం చేస్తే సరిపోతుందండీ. పంపే కాలిపోతే కొత్తది వేయాలి. రెండింటికీ ఖర్చులో చాలా తేడా ఉంటుంది, అందుకే చూడకుండా చెప్పడం లేదు."

"గ్యాస్ నింపడానికి ఎంత?" అంటే: "ఫ్రిజ్‌లో గ్యాస్ వాడకానికి అయిపోదండీ. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. లీకు మూయకుండా నింపితే మళ్లీ పోతుంది. ముందు అది చూసి చెప్తాం."

"వేరేవాళ్లు 150కే వస్తామన్నారు" అంటే వాళ్ల గురించి ఒక్క మాట కూడా అనొద్దు. "అలాగేనండీ. పార్టు రేటు ముందే రాసిస్తారా, పూచీ ఎన్నాళ్లని వాళ్లనీ అడగండి. మా దగ్గరైతే సాయంత్రం 4కి ఖాళీ ఉంది, రాసుకోమంటారా?"

టైము ఖాయం చేయడం

"ఎప్పుడు రమ్మంటారు?" అని వదిలేస్తే "చూసి చెప్తాం" అంటారు. రెండు టైములు మనమే చెప్పాలి:

"ఈరోజు 4 నుంచి 6 మధ్య ఉందండీ, లేదా రేపు పొద్దున 10 నుంచి 12. ఏది వీలు?"

ఆఫీసుకెళ్లేవాళ్లయితే రాత్రి 7 తర్వాతది, లేదా ఆదివారం పొద్దున చెప్పండి. ఇంట్లో పెద్దవాళ్లు మాత్రమే ఉంటారంటే "మెకానిక్ బయల్దేరే ముందు మీకు ఫోన్ చేసి, ఆయన పేరు, ఫొటో వాట్సాప్‌లో పంపిస్తామండీ" అనండి. ఈ ఒక్క మాటకి చాలామంది నిమ్మళిస్తారు.

"మావారిని అడిగి చెప్తా" అంటే: "తప్పకుండా అడగండమ్మా. అందాకా రేపు 10 గంటలది మీ పేరు మీద ఉంచుతాను. సాయంత్రం 6కి నేనే ఫోన్ చేస్తా, వద్దంటే తీసేస్తాను." 6కి తప్పకుండా చేయాలి.

చివర్లో చదివి వినిపించండి:

"పైలోడ్ మెషిన్, నీళ్లు పోవడం లేదు. ముత్యాలంపాడు, గుడి పక్క సందులో రెండో అంతస్తు. రేపు 10 నుంచి 12. విజిట్ 300. సరిగానే రాసుకున్నానా అండీ?"

వెంటనే వాట్సాప్: "నమస్కారం. రేపు ఉదయం 10–12 మధ్య వాషింగ్ మెషిన్ చూడటానికి మా మెకానిక్ వస్తారు. విజిట్ 300 రూపాయలు, రిపేరు చేయిస్తే బిల్లులో తగ్గిస్తాం. ఇంటి లొకేషన్, మెషిన్ మీది స్టిక్కర్ ఫొటో పంపగలరు. టైము మార్చాలంటే ఈ నంబరుకే చేయండి."

స్టిక్కర్ ఫొటోలో మోడల్ నంబరు ఉంటుంది. అది చేతికొస్తే పార్టు కోసం రెండోసారి తిరగక్కర్లేదు.

మిస్డ్ కాల్, కోపంతో వచ్చే కాల్

మిస్డ్ కాల్‌కి పది నిమిషాల్లో తిరిగి చేయాలి: "ఇందాక మీ ఫోన్ ఎత్తలేకపోయామండీ, రిపేర్ షాపు నుంచి. ఏమైందో చెప్పండి."

మనం బాగుచేసింది మళ్లీ ఆగిందని కోప్పడితే వాదించొద్దు, "మీరేం చేశారు?" అనొద్దు. "మళ్లీ ఇబ్బంది పెట్టిందా, క్షమించండి. బిల్లు తేదీ చెప్తారా? 90 రోజుల్లోపే ఉండి, అదే లోపమైతే డబ్బు తీసుకోం. కొత్త బుకింగుల కంటే ముందు మీ ఇంటికే పంపిస్తాను, ఈరోజు సాయంత్రం 5కి ఉంటారా?"

రాత్రి 8కి

పుస్తకంలో మర్నాటి పేర్లన్నిటికీ వరుసగా ఫోన్:

"రేపు పొద్దున మా మనిషి వస్తున్నాడండీ, ఇంట్లో ఉంటారుగా? కరెంటు కోత ఏమైనా చెప్పారా మీ వైపు?"

ఉందంటే అప్పుడే టైము మార్చి, ఆ ఖాళీని సాయంత్రం 6కి ఫోన్ చేసినప్పుడు ఇంకా తేల్చనివాళ్లకి ఇవ్వండి.