డ్రైవ్ షాఫ్ట్ డ్రాయింగ్: టైటిల్ బ్లాక్, టాలరెన్స్ నోట్స్ తెలుగులో

అన్నా, మీరు ఫోటో తీసి పంపిన జర్మన్ డ్రాయింగ్‌లో కుడివైపు కింద ఉన్న టైటిల్ బ్లాక్, దానిపైన ఉన్న నోట్స్, ఎడమ మూల ఫిట్ టేబుల్, అన్నీ కింద తెలుగులో ఇచ్చాను. గుర్తులు, గ్రేడ్లు, స్టాండర్డ్ నంబర్లు డ్రాయింగ్‌లో ఎలా ఉన్నాయో అలాగే ఉంచాను. ఒక్కటే మార్చాను: జర్మన్ వాళ్లు దశాంశానికి కామా వాడతారు, నేను చుక్క పెట్టాను. అంటే డ్రాయింగ్‌లో 0,015 అని ఉంటే ఇక్కడ 0.015. మెటీరియల్ గడిలో కనిపించే 1.7225లో చుక్క మాత్రం దశాంశం కాదు, అది స్టీల్ నంబర్. దాన్ని ముట్టుకోలేదు.

టైటిల్ బ్లాక్

పార్టు పేరు: డ్రైవ్ షాఫ్ట్
డ్రాయింగ్ నంబర్: AW-30-186-02
షీట్: 1, మొత్తం 1
స్కేల్: 1:1
ప్రొజెక్షన్: ఫస్ట్ యాంగిల్
మెటీరియల్: 42CrMo4+QT (1.7225)
ముడి సైజు: రౌండ్ బార్ Ø45 × 190
బరువు: 1.1 kg
గీసిన తేదీ: 14.03.2019
చెక్ చేసిన తేదీ: 18.03.2019
రిలీజ్ చేసిన తేదీ: 21.03.2019
జనరల్ టాలరెన్స్: ISO 2768-mK
టాలరెన్సింగ్ పద్ధతి: ISO 8015
అంచులు: ISO 13715
ఏ డ్రాయింగ్ బదులు: AW-30-184-01
ఏ డ్రాయింగ్‌తో మార్చబడింది: గీత కొట్టి ఉంది

చివరి రెండు గడుల దగ్గర జాగ్రత్త. జర్మన్‌లో ఒకటి ఎర్‌జాట్స్ ఫ్యూర్, రెండోది ఎర్‌జెట్స్‌ట్ డుర్ఖ్. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, అర్థాలు తిరగబడి ఉంటాయి. మొదటిది చెప్పేది, పాత 01 డ్రాయింగ్ తీసేసి దాని చోట ఇది వచ్చిందని. రెండోది నింపి ఉంటే ఈ డ్రాయింగే పాతబడిందని అర్థం. అక్కడ గీత ఉంది కాబట్టి ఇది చెల్లుబాటులోనే ఉంది. మీ ర్యాక్‌లో AW-30-184-01 ప్రింట్ ఉంటే దయచేసి ఈ రోజే తీసేయండి. దాంట్లో మొత్తం పొడవు 184.

మార్పుల పట్టికలో మూడు వరసలున్నాయి. a: కీవే లోతు కొలత మార్చారు. b: అండర్‌కట్ చేర్చారు. c: రన్అవుట్ టాలరెన్స్ 0.03 నుంచి 0.02కి తగ్గించారు. కానీ టైటిల్ బ్లాక్ మూల రివిజన్ అక్షరం ఉండే చిన్న గడి మీద మీ బొటనవేలు పడింది. పట్టిక ప్రకారం c అయ్యుండాలి, అయినా నేను ఊహించి రాయను. అక్కడ d ఉండి, పట్టిక పైవరస ఫోటోలో తెగిపోయి ఉంటే మనం తప్పు రివిజన్ మీద పని చేసినట్టే. ఆ మూల ఒక్కటి మళ్లీ ఫోటో తీసి పంపండి. పని మొదలెట్టేలోపు అది తేలాలి.

ఫస్ట్ యాంగిల్ అన్నారు కాబట్టి ఎడమవైపు నుంచి చూసిన వ్యూ కుడిపక్కన ఉంటుంది. థర్డ్ యాంగిల్ అలవాటున్న కళ్లకి కీవే అవతలి చివర ఉన్నట్టు అనిపిస్తుంది. కీవే Ø25 చివరే.

ఫిట్ టేబుల్

Ø30 k6 Ⓔ: పై డీవియేషన్ +0.015, కింది డీవియేషన్ +0.002
Ø25 h6: పై డీవియేషన్ 0, కింది డీవియేషన్ −0.013
8 P9: పై డీవియేషన్ −0.015, కింది డీవియేషన్ −0.051

ఈ టేబుల్ తలలో ఉన్న జర్మన్ మాట ఆప్‌మాస్. మాస్ అంటే కొలత కాబట్టి చాలామంది దీన్ని కూడా కొలత అని రాసేస్తారు. ఇది కొలత కాదు, డీవియేషన్: రాసిన సైజుకి ఎంత పైకి, ఎంత కిందికి పోవచ్చో చెప్పేది. టాలరెన్స్ మళ్లీ వేరు. Ø30 k6 బేరింగ్ సీటు 30.002 నుంచి 30.015 మధ్య ఉండాలి. ఈ రెండింటి తేడా 0.013, అదీ టాలరెన్స్. సరిగ్గా 30.000 వచ్చిన షాఫ్ట్ ఈ డ్రాయింగ్ ప్రకారం రిజెక్ట్. మైక్రోమీటర్ మీద గుండు సున్నా చూసి బాగుందని పక్కన పెట్టేయకండి.

Ø30 పక్కనున్న Ⓔ అలంకారం కాదు. ISO 8015 అని రాసి ఉన్నప్పుడు సైజు వేరు, ఆకారం వేరు: ఎదురెదురు రెండు బిందువుల మధ్య మైక్రోమీటర్‌తో పట్టిన కొలత ప్రతి చోటా సరిపోతే సైజు సరిపోయినట్టే, షాఫ్ట్ కొంచెం వంగి ఉన్నా సైజు లెక్కలో అది రాదు. Ⓔ పెట్టిన చోట ఆ వెసులుబాటు లేదు. ఆ సీటు మొత్తం, వంపుతో సహా, 30.015 వ్యాసం ఉన్న గొట్టంలో పట్టాలి. అందుకే ఈ గుర్తుని తెలుగులో ఏదో ఒక మాట చేసి రాయకుండా గుర్తుగానే వదిలాను.

నోట్స్

1. టాలరెన్స్ ఇవ్వని కొలతలన్నిటికీ ISO 2768-mK వర్తిస్తుంది.

మీకు వెతుకులాట లేకుండా ఈ పార్టుకి పనికొచ్చే వరసలు తీశాను. చిన్న m పొడవులకి, కోణాలకి: 6 దాటి 30 వరకు ±0.2, 30 దాటి 120 వరకు ±0.3, 120 దాటి 400 వరకు ±0.5. కాబట్టి మొత్తం పొడవు 186కి ±0.5, మధ్య భాగం 58కి ±0.3. చాంఫర్ 1 × 45°కి పక్క కొలత మీద ±0.2. పెద్ద K ఆకారానికి, స్థానానికి. అక్షరం చిన్నదా పెద్దదా అన్నది ఇక్కడ అర్థాన్నే మారుస్తుంది, అందుకే mK అని ఉన్నదున్నట్టు ఉంచాను. ఈ స్టాండర్డ్‌లో రెండో భాగం బదులు 2021లో ISO 22081 వచ్చింది. మన డ్రాయింగ్ 2019ది, అందులో రాసిందే మనకి లెక్క.

2. బయటి అంచులు −0.3, లోపలి అంచులు +0.3, ISO 13715 ప్రకారం.

ఇక్కడ మైనస్, ప్లస్ టాలరెన్స్ గుర్తులు కావు. బయటి అంచుకి మైనస్ అంటే బర్ ఉండకూడదు, మెటీరియల్ 0.3 వరకు తీసెయ్యొచ్చు. లోపలి మూలకి ప్లస్ అంటే అక్కడ 0.3 వరకు మెటీరియల్ మిగలొచ్చు, కత్తిలా నిక్కచ్చిగా రానక్కర్లేదు.

3. రెండు బేరింగ్ సీట్ల చివర అండర్‌కట్ DIN 509 - F 0.6 × 0.3.

F అంటే సిలిండర్ వైపూ, షోల్డర్ ముఖం వైపూ రెండిటిలోనూ తగ్గించాలి. E అయితే సిలిండర్ వైపు ఒక్కటే. 0.6 మూల రేడియస్, 0.3 లోతు. మామూలు గ్రూవ్ టూల్‌తో చతురస్రంగా కొడితే ఇది అవదు.

4. సర్ఫేస్: అంతటా Rz 25, గుర్తు పెట్టిన చోట Rz 4.

దీన్ని Ra చేసి ఇవ్వమని మీరు అడుగుతారని తెలుసు. చెయ్యలేదు. Rz ఎత్తైన శిఖరాలకీ లోతైన లోయలకీ మధ్య దూరం మీద నడుస్తుంది, Ra మొత్తం సగటు. ఒక దానినుంచి ఇంకోదానికి ఖచ్చితంగా గుణించే అంకె లేదు. టెస్టర్‌లో Rz ఆప్షన్ పెట్టి కొలవండి.

5. Ø25 h6 సీటు: సర్కులర్ రన్అవుట్ 0.02, డేటమ్ A-B.

ఈ ఒక్క వరస మీద నాకు టెన్షన్ ఎక్కువ. జర్మన్‌లో రుంట్‌లౌఫ్ అని ఉంది. రుంట్ అంటే గుండ్రం. రెండేళ్ల కిందట వేరే షాఫ్ట్ డ్రాయింగ్ అనువదించినప్పుడు నేను దీన్ని గుండ్రదనం అని రాశాను. షాపులో మైక్రోమీటర్ పెట్టి చుట్టూ చూశారు, ఎక్కడ చూసినా ఒకే వ్యాసం, పాస్ చేశారు. బిగించాక కప్లింగ్ కొట్టుకుంది. సీటు తనంతట తను గుండ్రంగానే ఉంది, బేరింగ్ అక్షానికి పక్కకి జరిగి ఉంది. ఆరు షాఫ్టులు తుక్కుకి పోయాయి, తప్పు నా మాటది. సర్కులరిటీకి డేటమ్ ఉండదు, రన్అవుట్‌కి తప్పకుండా ఉంటుంది. పక్కగడిలో A-B అని కనిపించిందంటే అది రన్అవుటే.

కొలిచే తీరు కూడా ఆ A-B చెబుతుంది. A ఒక బేరింగ్ సీటు, B ఇంకొకటి, మధ్యలో గీత అంటే రెండూ కలిసి ఒకే అక్షం. సెంటర్ల మధ్య పెట్టి తిప్పితే కొలిచేది సెంటర్ హోల్స్ అక్షం. దాంతో 0.01 వచ్చినా ఒప్పుకోవద్దు. రెండు సీట్లనీ రెండు వీ బ్లాకుల మీద పెట్టి, షాఫ్ట్ అటూ ఇటూ జరక్కుండా చివర ఒక ఆనింపు ఇచ్చి, Ø25 మీద డయల్ ఆనించి ఒక పూర్తి చుట్టు తిప్పండి. ముల్లు మొత్తం కదలిక 0.02 దాటకూడదు. సీటు పొడవునా రెండు మూడు చోట్ల చూడండి, ప్రతి చోటా విడిగా 0.02.

రెండు బాణాల గుర్తున్న గెజాంట్‌లౌఫ్, అంటే టోటల్ రన్అవుట్, ఈ డ్రాయింగ్‌లో ఎక్కడా లేదు. ఉన్నవన్నీ ఒక్క బాణం గుర్తులే, జూమ్ చేసి రెండుసార్లు చూశాను.

6. కీవే: DIN 6885, వెడల్పు 8 P9, కింది వైపు నుంచి కొలత 21, డీవియేషన్ 0 / −0.2.

లోతు 4 అని నేరుగా రాయలేదు. కీవే అడుగు నుంచి షాఫ్ట్ ఎదురు వైపు ఉపరితలం దాకా 21. పైన కోత వల్ల పైనుంచి కొలవడానికి ఆధారం ఉండదు కదా, అందుకే ఇలా. P9 రెండు డీవియేషన్లూ మైనస్సే కాబట్టి వెడల్పు 7.949 నుంచి 7.985. 8 స్లాట్ కట్టర్ ఒక్క పాస్‌లో దింపితే వదులైపోతుంది.

7. హీట్ ట్రీట్‌మెంట్: క్వెంచ్ చేసి టెంపర్ చేసి 900–1100 N/mm².

ఇది టెన్సైల్ స్ట్రెంత్, హార్డ్‌నెస్ కాదు. బార్ +QT స్థితిలోనే వస్తుంది, మీరు మళ్లీ ఫర్నేస్‌లో పెట్టక్కర్లేదు. బార్‌తో వచ్చిన సర్టిఫికెట్‌లో ఈ అంకె ఉందో లేదో స్టోర్స్‌లో చూసుకోండి.

8. డ్రాయింగ్ మీద స్కేలు పెట్టి కొలవకూడదు.

1:1 అని రాసి ఉన్నా ఇది వర్తిస్తుంది. మనకి వచ్చింది ఫోటో, పక్కవాటంగా తీసింది. అందులో ఒక చివర ఇంకో చివరకన్నా చిన్నగా కనిపిస్తోంది.

రివిజన్ మూల ఫోటో రాగానే ఆ గడి నింపి సంతకం పెట్టి పంపుతాను. అప్పటిదాకా ముడి బార్ కోయడం, ముఖాలు ఫేసింగ్ చేసుకోవడం, సెంటర్ హోల్స్ వేసుకోవడం చేసుకోవచ్చు. 190 పొడవు ఏ రివిజన్‌కైనా సరిపోతుంది, ఫేసింగ్‌లో 186కి మాత్రం దింపకండి. సీట్లని తాకొద్దు.