విషయం: సీనియర్ అకౌంటెంట్ ఉద్యోగం – దరఖాస్తు ఫారం గురించి

నమస్కారం మేడమ్,

దరఖాస్తు ఫారం లింకుతో నిన్న మీరు పంపిన మెయిల్ అందింది. సోమవారం నేను పంపిన రెజ్యూమెను చదివి, నా పేరును తదుపరి దశకు పరిశీలిస్తున్నందుకు కృతజ్ఞతలు. ఈ ఉద్యోగంలో చేరాలని నేను నిజంగా కోరుకుంటున్నాను.

ఫారాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివాను. మొత్తం 9 పేజీల్లో మొదటి 5 పేజీలు చదువు, గత ఉద్యోగాలు, నిర్వహించిన బాధ్యతలు, వాడిన సాఫ్ట్‌వేర్ల గురించి అడుగుతున్నాయి. ఇవన్నీ నా రెజ్యూమెలో తేదీలతో సహా ఉన్నాయి. ఒకే సమాచారాన్ని రెండు చోట్ల వేర్వేరు పద్ధతుల్లో రాసినప్పుడు ఎక్కడైనా ఒక నెల అటూ ఇటూ అయితే, తరువాత వివరాలను సరిచూసే సమయంలో అది పొరపాటుగా కాక తప్పుడు సమాచారంగా కనిపించే ప్రమాదం ఉంది. అందువల్ల ఆ గడుల్లో ‘జతచేసిన రెజ్యూమె చూడగలరు’ అని రాస్తే మీకు సరిపోతుందేమో దయచేసి తెలియజేయగలరు.

రెజ్యూమెలో లేని వివరాలు మీ నిర్ణయానికి ఇప్పుడే అవసరం కావచ్చు కనుక ఇక్కడే రాస్తున్నాను. నా నోటీస్ పీరియడ్ 60 రోజులు. మిగిలి ఉన్న సెలవులను సర్దుబాటు చేసుకుని ముందుగా రిలీవ్ చేయమని అడిగే వీలుంది కానీ, దానికి ఇప్పుడే హామీ ఇవ్వలేను. మీరు ఫోనులో చెప్పిన వేతన పరిధి నాకు సమ్మతమే. నెలాఖరులో ఖాతాలు ముగించే రోజుల్లో ఆలస్యంగా పనిచేయడానికి ఇబ్బంది లేదు.

ఇక చివరి పేజీల్లో అడిగిన గుర్తింపు కార్డు నంబర్లు, జీతపు స్లిప్పులు, ప్రస్తుత మేనేజర్ ఫోన్ నంబరు మాత్రం ఆఫర్ దశకు వచ్చాక ఇవ్వడానికి అనుమతించమని కోరుతున్నాను. నేను ఉద్యోగం మారే ప్రయత్నంలో ఉన్న సంగతి మా కార్యాలయంలో ఇంకా ఎవరికీ తెలియదు. పైగా, వారి అనుమతి తీసుకోకుండా ఒకరి నంబరు ఇవ్వడం సబబు కాదని నా అభిప్రాయం. గతంలో నాతో పనిచేసిన ఇద్దరు మాట్లాడటానికి ఒప్పుకున్నారు. కావాలంటే వారి వివరాలు ఇంటర్వ్యూ తరువాత వెంటనే పంపగలను.

ఒకవేళ మొదటి 5 పేజీల్లోని గడులన్నీ నింపితే తప్ప మీ సిస్టమ్ దరఖాస్తును స్వీకరించకపోయినా, లేదా అభ్యర్థులందరికీ అదే నియమమైనా, నాకు అభ్యంతరం లేదు. పైన చెప్పిన వ్యక్తిగత వివరాలు మినహా మిగతా ఫారమంతా శుక్రవారం సాయంత్రంలోగా పూర్తి చేసి పంపుతాను. అయితే ఆన్‌లైన్ ఫారంలో మధ్యలో సేవ్ చేసుకునే వీలు కనిపించలేదు. వర్డ్ ఫైలు ఉంటే పంపించగలరు.

ఈ విషయం ఫోనులో మాట్లాడటం మీకు సులువనిపిస్తే, బుధ, గురువారాల్లో సాయంత్రం 6 గంటల తరువాత అందుబాటులో ఉంటాను. రెజ్యూమెను మీ సౌకర్యం కోసం మరోసారి జతచేస్తున్నాను.

భవదీయురాలు,
సీనియర్ అకౌంటెంట్ ఉద్యోగ అభ్యర్థిని