తమ్ముడికి, మూన తిరిగేదాకా

తమ్ముడూ,

మంగళవారం రాత్రి నువ్వు "అక్కా, పదిహేను నిమిషాల కాల్. అంతే, అయిపోయింది" అన్నావు. తొమ్మిదేళ్ల ఉద్యోగం పదిహేను నిమిషాల్లో పోయిందంటే నాకూ నోట మాట రాలేదు. ఫోన్ పెట్టేశాక చెప్పాల్సినవన్నీ గుర్తొచ్చాయి. అవే ఇలా రాస్తున్నాను. కొన్ని అమ్మమ్మ నోట విన్నవి, కొన్ని నాన్నవి, మిగతావి ఈ నాలుగు రోజులూ నీ గురించి ఆలోచిస్తూ నేను కట్టుకున్నవి. అన్నీ ఒకేసారి చదవక్కర్లేదు. మనసు బాగా లేనప్పుడు ఒకటి చూసి పక్కన పెట్టెయ్.

పీకిన నారు ఎండిన నారు కాదు.

మన పొలంలో నాట్లయిన మర్నాడు ఎలా ఉండేదో గుర్తుందా? నారుమడిలో పచ్చగా నిగనిగలాడిన నారు, పీకి చేలో నాటేసరికి తల వాల్చేసేది. ఆకులు పసుపు రంగుకు తిరిగేవి. నువ్వు చిన్నప్పుడు గట్టు మీద నిలబడి "చచ్చిపోయింది నాన్నా" అని ఏడ్చావు. నాన్న ఒకటే మాట అన్నాడు: "మూన తిరగనివ్వరా." వారం పది రోజులకు కొత్త వేరు పట్టుకుంది, పచ్చదనం వచ్చింది. ఆ పది రోజులూ నాన్న చేసిందల్లా మడిలో నీళ్లు పలచగా నిలబడేలా చూడటమే. వేరు పట్టిందో లేదో అని ఏ మొక్కనూ లాగి చూడలేదు.

అందుకే నేను రోజూ ఫోన్ చేసి "ఏమైంది, ఎక్కడైనా కుదిరిందా" అని అడగను. నువ్వు కూడా నిన్ను లాగి చూసుకోకు.

ఏడుపొస్తే ఏడవడం కూడా ఆ రోజు పనే.

మగవాడివని, ఇంటికి పెద్దవాడివని దాచుకోవద్దు. చిన్నప్పటి నుంచీ నీ ఏడుపు చూసినదాన్ని, నా దగ్గర నీకేం మొహమాటం?

లాగిన్ తీసేస్తారు. నేర్చినది తీసేయలేరు.

ఆ సాయంత్రం ల్యాప్‌టాప్ తెర ఒక్కసారిగా లాక్ అయిపోయిందని చెప్పినప్పుడు నీ గొంతు మారిపోయింది. నీ సొంత గదిలోంచి నిన్నెవరో బయటికి నెట్టినట్టు అనిపించి ఉంటుంది. కానీ తొమ్మిదేళ్లలో నీ కంటికి దొరికిన తప్పులు, నీ దగ్గర పని నేర్చుకున్న పిల్లలు, రాత్రి రిలీజ్ రోజుల్లో నువ్వు చూపించిన ఓపిక, ఇవేవీ ఆ మెషీన్‌లో లేవు. కంపెనీలు ఎన్ని మారినా పీఎఫ్‌కి యూఏఎన్ నంబరు ఒకటే ఉంటుంది కదా. నీ పనితనం కూడా అలా నీ వెంట వచ్చేదే.

బతికుంటే బలుసాకు తినొచ్చు.

ఇది అమ్మమ్మ మాట. చిన్నప్పుడు ఇదేదో తిండి గురించి అనుకునేదాన్ని. బలుసు గట్ల మీద, చిట్టడవుల్లో ముళ్ల పొదగా పెరుగుతుంది. ఎవరూ వేయరు, నీళ్లు పోయరు. ఏమీ దొరకనప్పుడు పేదవాళ్లు ఆ ఆకు వండుకుని తినేవాళ్లు. ముందు ప్రాణం, తర్వాతే మిగతావన్నీ అని అమ్మమ్మ ఉద్దేశం. నీకు ఇది ఎందుకు రాస్తున్నానో సూటిగానే చెబుతాను. రాత్రిళ్లు నిద్ర పట్టక పిచ్చి ఆలోచనలు వస్తే, రెండు గంటలైనా మూడైనా నాకు ఫోన్ చెయ్. నాతో చెప్పుకోలేనిదైతే టెలి మానస్ 14416కి చెయ్. ప్రభుత్వం పెట్టిన నంబరు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. అక్కడికి ఫోన్ చేస్తే చిన్నతనమేమీ కాదు.

ఒక మాట మాత్రం కావాలనే రాయలేదు: "ఏది జరిగినా మన మంచికే." పెద్దవాళ్లు ప్రేమతోనే అంటారు. కానీ కడుపులో మండుతున్నవాడికి అది ఇప్పుడు చెప్పాల్సిన మాట కాదు. జరిగింది మంచిది కాదు. నీకు జరగాల్సింది కాదు. దానికి మంచి పేరు పెట్టాల్సిన అవసరం నీకు లేదు.

ఏరు ఎండినా ఇసుక కింద చెలమ ఉంటుంది.

వేసవిలో ఏటికి వెళ్లి చేతులతో ఇసుక తవ్వేవాళ్లం. మొదట ఊరేది బురదనీళ్లే. నువ్వు దోసిట్లోకి తీసుకుని మొహం చిట్లించేవాడివి. పెద్దమ్మ ఆ నీళ్లు తోడి పారబోసి, "కాసేపు కూర్చోండర్రా" అనేది. రెండోసారి, మూడోసారి తోడాక తేటనీళ్లు ఊరేవి. మొదట పెట్టే దరఖాస్తులు, మొదట ఇచ్చే ఇంటర్వ్యూలు ఆ బురదనీళ్ల లాంటివే అనుకో. గొంతు వణుకుతుంది, తెలిసిన జవాబే గుర్తుకు రాదు. పారబోసి మళ్లీ తోడాలి. నీళ్లు లేవని చెలమ పూడ్చేయకూడదు.

కలిమిలేములు కావడి కుండలు.

ఈ సామెత అందరూ చెప్పేదే. ఒకసారి ఇటు బరువు, ఒకసారి అటు బరువు అని. నాకు మాత్రం కుండల కంటే కావడి మోసేవాడి భుజమే గుర్తొస్తుంది. దారిలో భుజం మార్చుకుంటాడు చూడు, దానికి నేను ఇంకో మాట కలిపాను: భుజం మార్చుకుంటే బరువు తగ్గదు, నడక ఆగదు. మరదలికి లెక్కలు దాచకు. ఇంటి ఈఎమ్ఐ ఎంత, చేతిలో ఎన్ని నెలలకు సరిపడా ఉంది, ఆఫీసు ఇచ్చిన ఇన్సూరెన్సు ఎప్పటిదాకా పనిచేస్తుంది, అన్నీ ఒక కాగితం మీద రాసి ఇద్దరూ కూర్చుని చూడండి. ఆ అమ్మాయి నీకంటే ధైర్యస్తురాలు, ఆ సంగతి నీకూ తెలుసు. పాప స్కూలు ఫీజు ఈ టర్ముకి మేం కడతాం. మా పెళ్లయిన కొత్తలో బావకు పని లేనప్పుడు నువ్వు మొదటి జీతంలోంచి పంపింది నేను మర్చిపోలేదు.

ఇక చిన్న చిన్నవి. ఫ్రిజ్ మీద అంటించుకున్నా సరే:

తెగిన పోగును మగ్గం మీదే అతుకుతారు. చీరంతా విప్పరు.

"సారీ" అని వచ్చిన మెయిల్ నీ మీద తీర్పు కాదు.

పొద్దున్నే స్నానం చేసి, వీధి చివరిదాకా నడిచి వచ్చావంటే ఆ రోజు ఖాళీగా పోనట్టే.

చుట్టాలు అడిగిన ప్రతిదానికీ జవాబు బాకీ ఉండదు. "ప్రస్తుతం చూసుకుంటున్నాను" చాలు.

పాత స్నేహితుణ్ణి సాయం అడగడానికి బెరుకు సహజం. బెరుకుతోనే అడుగు.

పాపకు తెలిసింది నాన్న సాయంత్రాలు ఇంట్లో ఉన్నాడని. ఆ సంతోషం దాన్ని పడనివ్వు.

నేను శుక్రవారం రాత్రి బండికి బయల్దేరుతున్నా. గోంగూర పచ్చడి, నీకిష్టమైన అరిసెలు తెస్తున్నాను. శనివారం పొద్దున సికింద్రాబాద్ స్టేషన్‌కి వేరే ఎవరినీ పంపకు. సంచులు బరువుగా ఉంటాయి, నువ్వే రా.

మీ అక్క