కంబళి: 9 నిమిషాల డాక్యుమెంటరీ, ఎడిటింగ్ స్క్రిప్ట్ (మూడో ప్రతి)

చిత్రీకరణ: అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం చుట్టుపక్కల.

00:00 – 00:50
దృశ్యం: నల్లటి తెర. గుంత మగ్గం చప్పుడు ఒక్కటే. మెల్లగా వెలుతురు: గుంతలో రెండు పాదాలు, పడుగు మీద నల్లటి ఉన్ని. సంగీతం వద్దు. ఇక్కడ వేణువు మోగిందంటే ప్రేక్షకుడు జాలిపడ్డం మొదలెడతాడు, వినడం మానేస్తాడు.

బైట్ (నేతగాడు, 71 ఏళ్లు): "మా నాయిన కాలంలో ఈ ఈదిలో ఇరవై గుంతలుండె. తెల్లారకముందే సప్పుడుకు మెలకువొచ్చేది. ఇప్పుడు నాదొగటే. ఊరోళ్లకు నిద్ర బాగ పడ్తాది."
(ఆయన నవ్వు ఆగేదాకా ఉంచాలి.)

00:50 – 02:00
వ్యాఖ్యానం: కురుబలకు గొర్రెలు కాయడం, కంబళి నేయడం ఒకే పనికి రెండు కొసలు. ఎండలో నీడ, వానలో గొడుగు, రాత్రి పక్క, ఎత్తుకొచ్చే గొర్రెపిల్లకు ఉయ్యాల, అన్నీ ఒక్క కంబళే.

ఆర్కైవ్ 1: దక్షిణ భారత కులాలు, తెగల మీద ఎడ్గర్ థర్స్టన్ 1909లో తెచ్చిన ఏడు సంపుటాల్లో కురుబల గురించిన పేజీ. స్కాన్, 6 సెకన్లు.
వ్యాఖ్యానం: ఈ దొర కులాల వివరాలు రాశాడు, మనుషుల తలలూ కొలిచాడు.
(ఈ వాక్యం తీయొద్దు. తీస్తే పుస్తకాన్ని నెత్తిన పెట్టుకున్నట్టే.)

ఆర్కైవ్ 2: నేతగాడి ఇంట్లో దొరికిన పెళ్లి ఫొటో. అంచులు చెదలు తిన్నాయి, బాగుచేయొద్దు. కెమెరా మొహాల మీద కాకుండా కింద పరిచిన నల్ల కంబళి మీద ఆగాలి.

బైట్ (ఆయన భార్య): "ఆ కంబడి నేను వడికిందే. నా పెండ్లికి నేనే వడుక్కుంటి. ఇంగెవురు వడుకుతారు?"

02:00 – 04:40 (సినిమాకు ఇదే గుండె, తొందర వద్దు)
దృశ్యం: ఉన్ని ఏకడం, రాట్నం, దారం తెగడం, వేళ్లతో మెలేసి అతకడం. తర్వాత చింతగింజలు. నానబెట్టి, రుబ్బి, ఉడికించిన గంజి. వీధిలో పడుగు సాగదీసి, కుంచెతో ఆ చివర నుంచి ఈ చివరకు గంజి పూయడం. రెండో రోజు తీసిన లాంగ్ షాట్ వాడాలి, అందులో కుక్క పడుగు కింద నుంచి దూరిపోతుంది.

బైట్ (నేతగాడు): "గంజి పల్సనైతే పోగు తెగుతాది, సిక్కనైతే కట్టె మాదిరి బిగుస్తాది. యేలు పెట్టి సూస్తే తెలుస్తాది. ఎట్ల తెలుస్తాదంటే ఏం సెప్పేది సామీ?"

వ్యాఖ్యానం: గంజి పట్టిన ముతక ఉన్ని బిగుసుకుంటుంది. చినుకు వెంటనే లోపలికి దిగదు, జారిపోతుంది.
దృశ్యం: కంబళి మీద చెంబుడు నీళ్లు. ఒకే షాట్, కట్ లేకుండా.

04:40 – 06:50
వ్యాఖ్యానం: కొనేవాళ్లు తగ్గినమాట నిజం. పానిపట్టు మిల్లు దుప్పటి సంతలో చవగ్గా దొరుకుతోంది. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కింద కంబళిని చేనేతకే కేటాయించిన రకాల్లో చేర్చారు. మరి గొర్రెనెవరు కేటాయిస్తారు?

దృశ్యం: మంద. సగం నల్లగా, గుబురుగా ఉన్న దక్కనీ గొర్రెలు; సగం పొడుగు కాళ్ల నెల్లూరు గొర్రెలు. నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకలే.

బైట్ (గొర్రెల కాపరి, 44): "నెల్లూరు పొట్టేలు బిన్నా ఎదుగుతాది, మాంసానికి రేటొస్తాది. నల్లగొర్రెకు కత్తిరింపు కూలి నేనే ఇయ్యల్ల. ఉన్ని కొనేటోడు ల్యా. గట్టు మీద పారేస్తాండా."

దృశ్యం: కంపచెట్టుకు చిక్కుకున్న ఉన్ని, గాలి. 10 సెకన్లు. మాట లేదు.

వ్యాఖ్యానం: ఊళ్లో మగ్గం ఉంది, నేసే చేయి ఉంది. ఉన్ని గట్టు మీద ఉంది. మధ్యలో వడికే మనిషి లేదు.

06:50 – 09:00
బైట్ (మనవడు, 23, బెంగళూరులో డెలివరీ పని, వీడియో కాల్, ఫోన్ తెర మీదే తీసింది): "నేర్సుకోల్యా అని కాదన్నా. తాత ఓ కంబడి నేసేకి వారం. అమ్మితే రెండు వేలు, అదీ కొనేటోడుంటే. ఆ వారం ఇంటద్దె ఎవరు కడ్తారు?"

(తాత బైట్‌ను దీనికి జవాబుగా అతికించొద్దు. ఇద్దరూ వాదించుకోలేదు, మనం వాదన పుట్టించకూడదు.)

దృశ్యం: సాయంత్రం. తాత నేత ముగించి కంబళిని మగ్గం నుంచి కోసి తీస్తాడు. మడతపెట్టి భార్య చేతికిస్తాడు. ఆమె వాసన చూస్తుంది.

భార్య: "ఇంగా పచ్చిగుంది. రేపెండకెయ్."

దృశ్యం: మరుసటి పొద్దున. రాతిగోడ మీద ఆరేసిన కంబళి. పక్కింటి కోడిపుంజు దాని మీదెక్కుతుంది. ఆమె అదిలించే గొంతు, తెర వెనక నుంచి. టైటిల్స్.