సబ్జెక్ట్: నిన్న గైడ్ డ్రాఫ్ట్ మీద నేను పెట్టిన రిప్లై

అక్కా,

నిన్న సాయంత్రం మీకు పెట్టిన మెయిల్ ఇందాక మళ్ళీ తీసి చదివాను. "చూశాను. ఇప్పుడు ఇది అవసరం లేదు. పాతదే పంపేస్తున్నాను." అంతే రాశాను. మీరు "సరే" అని ఒక్క మాట పెట్టి ఊరుకున్నప్పుడే నాకు తేడాగా అనిపించింది, పొద్దున మీటింగ్‌లో కూడా మీరు డ్రాఫ్ట్ ఊసే ఎత్తలేదు. ఇప్పుడు చదువుతుంటే మీ కష్టాన్ని పక్కకి తోసేసినట్టే ఉంది. సారీ అక్కా.

నేను "ఇప్పుడు" అన్నది నిన్న ఆరింటి లోపల అని. కస్టమర్‌కి ఆరింటికల్లా ఇన్‌స్టలేషన్ గైడ్ వెళ్ళిపోవాలి, మీ డ్రాఫ్ట్‌లో స్టెప్పుల వరుస మారింది కాబట్టి టెస్టింగ్ వాళ్ళు ఒకసారి మెషిన్ మీద చేసి చూడాలి, మీ మెయిల్ చూసేసరికే ఐదు ఇరవై అయింది, అందుకని ఈ ఒక్కసారికి పాతది పంపేసి మీది వచ్చే రిలీజ్‌లో పెడదాం అనుకున్నాను. ఇదంతా నా మనసులోనే ఉండిపోయింది, మెయిల్‌లో ఒక్క ముక్కా రాయలేదు. పైగా సీసీలో టీమ్ ఏడుగురూ ఉన్నారు, నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ అదే.

డ్రాఫ్ట్ మాత్రం పైపైన చూసి అనేసిన మాట కాదు అక్కా, మొత్తం చదివాను. పవర్ ఆపాకే కవర్ తీయాలన్న హెచ్చరిక పాతదాంట్లో కవర్ తీసే స్టెప్ అయిపోయి పేజీ తిప్పితే గానీ కనబడదు, ఇన్నాళ్ళూ మా ఎవరి కంటా పడలేదు, మీరు దాన్ని 4వ స్టెప్ ముందుకి తెచ్చారు. నిన్న పాత గైడ్ పంపేటప్పుడు ఆ లైన్ మీరు రాసింది రాసినట్టే మెయిల్‌లో అన్నిటికంటే పైన పెట్టి పంపాను. ఆ విషయమైనా నిన్ననే మీకు చెప్పాల్సింది.

ఒక్క చోట మాత్రం నాకు డౌట్ ఉంది. 9వ స్టెప్‌లో ఫోటో తీసేశారు కదా, కనెక్టర్ ఎటు తిప్పాలో మొదటిసారి చేసేవాళ్ళకి మాటల్లో చెప్తే అర్థం కాదేమో అనిపించింది. తీసేయడానికి కారణం ఏదైనా ఉంటే చెప్పండి, మీరు వద్దంటే వద్దు.

టీమ్ అందరికీ ఈ రెండు లైన్లు పెడదామనుకుంటున్నాను: "నిన్న పాత గైడ్ పంపింది టైమ్ లేక మాత్రమే. కొత్త డ్రాఫ్ట్ పాతదాని కంటే బాగుంది, వచ్చే రిలీజ్‌కి అదే వెళ్తుంది." మళ్ళీ అందరి ముందు ఈ టాపిక్ ఎందుకులే అనిపిస్తే చెప్పండి, పెట్టను.

టెస్టింగ్ వాళ్ళకి మీ డ్రాఫ్ట్ పంపాను, సోమవారం పదకొండింటికి చేసి చూస్తామన్నారు. మీరు కూడా పక్కన ఉంటే బాగుంటుంది, వీలవుతుందా?