మూడో రోజు నూనె

నవల చివరి పేజీ వాణి చదివింది. రాజ్యం చేతులు ఖాళీగా లేవు. కొట్టిన కాయల్లోంచి జీడి తీసి, టెంక లోపలి పలచటి పొర గోటితో గీకి, పొడిగుడ్డతో తుడిచి పళ్ళెంలో వేస్తోంది. ఆ పొర ఉండిపోతే ఊరాక పంటికి తగులుతుంది. తడి ఉండిపోతే బూజే.

"ముక్కలు మునిగి పైన అంగుళం తేలేదాకా కామాక్షి నూనె పోసింది. జాడీకి వాసెన కట్టింది. తోటికోడలు గుమ్మంలో నిలబడి చూస్తోంది. కామాక్షి చేతులు కడుక్కుని వీధి అరుగు మీద కూర్చుంది." వాణి పుస్తకం మూసింది. "అయిపోయింది. వెళ్ళిపోయింది."

"ఎక్కడికే? అరుగు మీద కూర్చుందని కదా రాశాడు."

"ట్రంకు పెట్టె పొద్దున్నే సర్దిందక్కా."

"సర్దితే? ఆవకాయ పెట్టినమ్మ మూడో రోజు తిరగకలపాలి. అది వదిలేసి ఎవరు పోతారు?"

పదకొండు రోజులుగా కొవ్వూరులోని ఆ ఇంట్లో సాయంత్రం కాగానే ఒకరు చదివితే ఒకరు విన్నారు. అన్ని పేజీల్లోనూ రాని తగువు చివరి నాలుగు వాక్యాల దగ్గర వచ్చింది.

రాజ్యం పళ్ళెం జరిపి తవ్వ తీసుకుంది. కొత్తపల్లి కొబ్బరి కాయలు ఇరవై. నాలుగు తవ్వల ముక్కలకి తవ్వ కారం, తవ్వ ఆవపిండి, ముప్పాతిక తవ్వ ఉప్పు, గుప్పెడు మెంతులు. ఆవాలు వేయించకుండా ఎండలో పెట్టి దంపించింది. మిల్లులో వేడెక్కితే పిండి చేదెక్కుతుందని ఆవిడ భయం. ఆ భయం సరైనదే.

"అందుకే వెళ్ళిపోయిందంటున్నాను," అంది వాణి. "నువ్వు మొదటి రోజు నూనె ఎంత పోస్తావు?"

"కిలో. మిగతా అరకిలో మూడో రోజు, కలిపి ఉప్పు చూశాక."

"మరి ఆవిడ అంగుళం తేలేదాకా మొదటి రోజే ఎందుకు పోసింది? మూడో రోజు తను ఉండదు కనక."

రాజ్యం చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "రాసింది మగాడే. ఆవకాయ సంగతి వాడికేం తెలుసు?"

"నాలుగో ప్రకరణంలో ముక్కని ముందు నూనెలో ముంచి తర్వాత పిండిలో దొర్లించాలని రాశాడుగా? అది తెలిసినవాడికి ఇది తెలియదా?"

"నీకు పోవడమే ముచ్చట. పదహారేళ్ళయింది, హైదరాబాద్ వెళ్ళి. ప్రతి నవల్లోనూ ఎవరో ఒకరు రైలెక్కాలి నీకు."

"నీకు ఉండిపోవడమే గొప్ప. అమ్మ దగ్గర నువ్వున్నావు, కాదనను. అంతమాత్రాన కామాక్షి కూడా ఉండాలా?"

ఆ మాట తర్వాత ఇద్దరూ మాట్లాడలేదు. రాజ్యం ముక్కలు ముంచి అందిస్తుంటే వాణి పిండిలో దొర్లించి జాడీలో పేర్చింది. అడుగున గుప్పెడు పిండి, మధ్యమధ్య చారెడు. చివర్లో వాణి డబ్బా ఎత్తి, అక్క వద్దనేలోపే, మిగిలిన నూనె మొత్తం పోసేసింది. అంగుళం తేలింది.

"చూడు," అంది.

రాజ్యం వాసెన కట్టింది. ముడి రెండుసార్లు వేసింది. రాత్రికి వాణి గోదావరి దాటి రాజమండ్రిలో గౌతమి ఎక్కింది. గుమ్మం దగ్గర "వెళ్ళొస్తానక్కా" అంటే, "చేరగానే ఫోన్ చెయ్యి" అని మాత్రం అంది రాజ్యం.

చేరినట్టు మెసేజ్ పెట్టింది, ఫోన్ చెయ్యలేదు. మూడో రోజు పొద్దున్న రాజ్యమే చేసింది.

"కలిపావా?"

"కలిపాను. ఉప్పు సరిపోయింది. నూనె చాల్లేదు."

"అదేంటక్కా, అంగుళం తేలింది కదా!"

"ఆ రోజు తేలుతుంది. రెండు రోజుల్లో ఆవపిండి పీల్చేస్తుంది. పైముక్కలు బయటపడ్డాయి. అలా వదిలేస్తే వారానికి వాటి మీదే బూజు పట్టేది. ఇంకో పావుకిలో పోశాను."

కాసేపటికి వాణి అంది, "అయితే కామాక్షి పోసింది కూడా చాలదు."

"చాలదు."

"అంటే ఉండిపోయిందనేగా నువ్వనేది? సరే, నువ్వే గెలిచావు."

"కాదే. వెళ్ళిపోయిందనే అనుకుంటున్నాను ఇప్పుడు. రాత్రి మళ్ళీ చదివాను." అవతల పేజీలు తిప్పిన చప్పుడు వినిపించింది. "ఆ జాడీ ఆ ఇంట్లో పాడై ఉండదు. మూడో రోజు ఎవరో వాసెన విప్పి ఉంటారు. మనిద్దరం కామాక్షి కోసం కొట్టుకున్నాం గానీ, గుమ్మంలో నిలబడ్డావిణ్ణి చూశామా?"

"తోటికోడలా? ఆవిడ గురించి ఒక్క ముక్కేగా రాశాడు."

"అవును. ఒక్క ముక్కే."

వాణి ఏమీ అనలేదు. తర్వాత మెల్లిగా అడిగింది, "పుస్తకం నీ దగ్గరే ఉందా? ఆవిడ ఇంకా ఎక్కడెక్కడ వస్తుందో మొదటినుంచి చదువు. నేను వింటాను."

"ఉండు, చేతులు కారం. కడుక్కుని వస్తాను."